నడుస్తున్న మందుల షాపు: ధర ఎంత చెప్పాలి?

బాబాయి: తెనాలిలో మందుల షాపు, నడుస్తున్నది. నెలకు 6 లక్షల అమ్మకం. 25 లక్షలకు ఇచ్చేద్దామనుకుంటున్నా. కొనేవాడు ఏం చూస్తాడు, ఎంత ఇస్తాడు?

అబ్బాయి: అమ్మకం చూసి ఎవడూ ఇవ్వడు బాబాయ్. ఖర్చులన్నీ పోగా ఎంత మిగులుతుందో చూస్తాడు.

బాబాయి: నెలకు 60 వేలు మిగులుతోంది. ఏడాదికి 7 లక్షల పైన. రెండేళ్ల లాభం, మీద సరుకు. 25 ఎక్కువేం కాదే!

అబ్బాయి: ఆ 60 వేలు ఎలా వచ్చిందో చెబుతా విను. డిస్కౌంట్లు పోను నీకు నూటికి 18 మిగిలిందనుకుందాం. 6 లక్షల మీద 1 లక్షా 8 వేలు. అద్దె 18, ఇద్దరు కుర్రాళ్లకు 22, కరెంటూ చిల్లరా 8, మొత్తం 48 వేలు పోతే 60. ఇందులో నీ జీతం ఏదీ? ఫార్మసిస్టు సర్టిఫికెట్ నీదే, పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లాలో కూర్చునేదీ నువ్వే. కొనేవాడు ఫార్మసిస్టు కాకపోతే 20 వేలిచ్చి ఒకర్ని పెట్టుకోవాలి. తను కూర్చున్నందుకు ఓ 15 వేలు లెక్కేసుకుంటాడు. మిగిలేది 25 వేలు. షాపు సంపాదించేది అదీ, మిగతాది నీ ఒళ్లు సంపాదిస్తోంది. ఏడాదికి 3 లక్షలు. దానికి ఏడాదిన్నర కట్టినా షాపు పేరుకూ వచ్చే జనానికీ ఇచ్చే గుడ్‌విల్ నాలుగున్నర లక్షలే.

బాబాయి: సరుకో? 9 లక్షలది ఉంది.

అబ్బాయి: కొన్న రేటుకు 9 లక్షలన్నావు, ఎమ్మార్పీకి కాదు కదా? మూడు నాలుగు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యేవి తీసెయ్. వాటిని నీకు సప్లై చేసిన డిస్ట్రిబ్యూటరుకు నువ్వే తిప్పి పంపాలి, కొత్తాయన దగ్గర వాళ్లు తీసుకుంటారన్న భరోసా లేదు. ఎనిమిదిన్నర అనుకో. ఫ్రిజ్, ర్యాకులు, కంప్యూటరు ఒకటిన్నర. డిస్ట్రిబ్యూటర్ల బాకీ నువ్వే తీర్చాలి. మొత్తం పద్నాలుగున్నర.

బాబాయి: లైసెన్సు విలువ వదిలేశావే!

అబ్బాయి: అది నీ పేరుమీదుంది, అమ్మితే దాంతోపాటు పోదు. ఆయన తన పేరున కొత్తది తెచ్చుకోవాలి. ఇంటి ఓనరు ఆయనకు కొత్తగా అగ్రిమెంటు రాయనంటే నువ్వు అమ్మేది సరుకూ ర్యాకులే.

బాబాయి: సరే, నా లెక్క కూడా విను. వాడు నా షాపు కొనకుండా పక్కనే కొత్తది పెడతాడనుకో. ఫార్మసిస్టుతో కలిపి ఖర్చు 68 వేలు. మొదటి ఏడాది సగటున నెలకు 2 లక్షలు అమ్మితే గొప్ప, వచ్చేది 36 వేలు. నెలకు 32 వేలు చేతి నుంచి పెట్టాలి, ఏడాదికి 4 లక్షలకు దగ్గర. రెండో ఏడాది మూడున్నర లక్షలు అమ్మినా ఇంకా కొంచెం పోతూనే ఉంటుంది. రెండేళ్లు గల్లాలో ఊరికే కూర్చున్న జీతం మూడున్నర కలుపు. 8 లక్షలయింది. అదంతా నేను వాడికి తప్పిస్తున్నాను. అందుకు నాలుగున్నరేనా?

అబ్బాయి: ఇది మాత్రం నిజం బాబాయ్. తెలిసిన కొనుగోలుదారుడు ఈ లెక్కే వేసుకుని వస్తాడు. సరుకూ సామానూ 10, ఇది 8. 18 దాకా అడగొచ్చు. కానీ వచ్చే జనం అలాగే వస్తేనే ఆ 8. నీ చీటీల్లో సగం మేడమీద డాక్టరు గారివి. ఆయన వేరే వీధికి మారితే?

బాబాయి: ఎందుకు మారతాడు!

అబ్బాయి: నీకు తెలుసు, కొనేవాడికి తెలియదు. మూడు నెలల బిల్లులు తీసి డాక్టరు పేరుతో విడదియ్. ఆయనవి సగానికి తక్కువైతే ధర నిలబడుతుంది. బీపీ, షుగరు మాత్రలకు ప్రతి నెలా వచ్చేవాళ్ల లెక్క చూపించు, వాళ్లు అంత తేలిగ్గా షాపు మారరు.

బాబాయి: బిల్లుల్లో లేని అమ్మకం కూడా ఉంది కదరా. ఇంకో లక్షన్నర.

అబ్బాయి: జీఎస్టీ రిటర్నులో లేనిదానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు, కొనేవాడూ డబ్బివ్వడు. అది వదిలెయ్. ముందు పెద్దోడి సంగతి చెప్పు. పక్క వీధిలో షాపు పెడతాడట?

బాబాయి: వాడు చదివింది ఫార్మసీ. మరేం చేస్తాడు?

అబ్బాయి: నీ ఇంటిపేరుతో పక్క వీధిలో బోర్డు పెడితే నీ జనం అటే పోతారు. వాళ్లనే కదా నువ్వు 8 లక్షలకు అమ్ముతోంది!

బాబాయి: నా కొడుకు బతుకు నేను రాసివ్వనా? వీడెవడో కొంటాడని?

అబ్బాయి: ఊరంతా వద్దనను, ఆ చుట్టుపక్కల మూడేళ్లు పెట్టడని రాసివ్వు. లేదంటే గుడ్‌విల్‌లో సగం ఆరు నెలల తర్వాత, అమ్మకం నిలిస్తేనే తీసుకో. నేను కొనేవాడినైతే ఈ రెండింట్లో ఒకటి అడగకుండా అడ్వాన్సివ్వను.

బాబాయి: డబ్బు ఆపుకోమనే మాటే లేదు. బిల్లులు తీయిస్తాను. పెద్దోడి విషయం వాడితో మాట్లాడాక చూద్దాం.