యాన్యువల్ డే వాయిదా సర్క్యులర్ గారికి

కర్నూలు నుంచి రెండో తరగతి పాపకీ, అయిదో తరగతి బాబుకీ తల్లినైన నేను రాసుకునే విన్నపం.

తమరు నిన్న సాయంత్రం మా పాప డైరీలో నాలుగు మడతలు పడి, టిఫిన్ డబ్బాలోని చట్నీ మరక అంటించుకుని మా ఇంటికి దయచేశారు. స్టవ్ మీద పాలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరాలో మాకు నమస్కారాలు. రెండో పేరాలో బడి సాధించిన ప్రగతి. మూడో పేరాలో "అనివార్య కారణాల వల్ల" అనే మాట వచ్చేసరికి పాలు పొంగిపోయాయి. ఆ కారణమేమిటో తమరు చెప్పలేదు గానీ, ముఖ్య అతిథికి వీలు కాలేదట, పొద్దున ఆటో అన్న చెప్పాడు.

సరే, వాయిదా పడింది. ఎప్పటికి? "ఫిబ్రవరి 28వ తేదీ, శుక్రవారం" అన్నారు. మా వంటింటి క్యాలెండర్‌లో 28 శనివారం. తేదీ తప్పా, వారం తప్పా? ఆఫీసుకు ఫోన్ చేస్తే, "అందులో ఎట్లుంటే అట్లే మేడమ్" అన్నారు. చివరికి బీరువాలోంచి పాత క్యాలెండర్ తీశాను. 2025లో ఫిబ్రవరి 28 శుక్రవారమే. అంటే తమరు పోయినేటి కాగితానికే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చారన్నమాట. మామూలు ఏడాదిలో అదే తేదీ వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈసారి శనివారమే. వారం మార్చడం మర్చిపోయారని తేలింది, హమ్మయ్య అనుకున్నాను.

అంతలో కింది లైను కనిపించింది. ఆడిటోరియంలో సీట్లు తక్కువ కాబట్టి ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా మొదటి రోజు, మూడు నుంచి తొమ్మిది దాకా "29వ తేదీ, ఆదివారం" అట. 2026 ఫిబ్రవరికి 28 రోజులే స్వామీ! మా బాబు డాన్స్ చెయ్యాల్సింది క్యాలెండర్‌లో లేని రోజున. ఆదివారం అన్నారు కాబట్టి మార్చి 1 అని మేమే దిద్దుకున్నాం.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండు రోజులూ రావాలని తమరికి తోచలేదా? మా అత్తగారు నంద్యాల నుంచి పాత తేదీకే వచ్చి కూర్చున్నారు. మా దగ్గరున్న గులాబీ పాసుల మీద 14వ తేదీ ఉంది. అవి చెల్లుతాయని లేదు, చెల్లవనీ లేదు.

ఇక తమరి మాటల్లో నాకు బాగా గుచ్చుకున్నది, "కాస్ట్యూమ్ ఏర్పాట్లు యథాతథం". పాపది చిలకల డాన్స్. వన్ టౌన్‌లో అద్దె షాపు నుంచి చిలక డ్రెస్ ముందురోజే తెచ్చాను. రోజుకు 300 అద్దె, 500 అడ్వాన్స్. వాయిదా పడిందని తిరిగి ఇవ్వబోతే, "డ్రెస్ గడప దాటితే అద్దె పడినట్టేనక్కా" అని 300 పట్టుకుని 200 చేతిలో పెట్టాడు. 28కి మళ్లీ బుక్ చెయ్యమంటే చిలకలన్నీ వేరే స్కూలువాళ్లు తీసేసుకున్నారట. "నెమలి ఉంది, ఇమ్మంటావా?" అన్నాడు. ఒక్క తోక వైరు వంగిపోయింది తప్ప బాగానే ఉంది. ఇంకో 300 కట్టాను. ఇప్పుడు పదకొండు చిలకల మధ్య ఒక నెమలి. డాన్స్ మేడమ్ వెనక వరసలో నిలబెడతానన్నారు. పాపకి మాత్రం తనొక్కతే నెమలి కావడం తెగ నచ్చింది.

తమరి మొదటి లైనులోనే "14న జరగాల్సిన యాన్యువల్ డే చిన్న తరగతులకు ఫిబ్రవరి 28 శనివారం, పెద్ద తరగతులకు మార్చి 1 ఆదివారం; పాత పాసులు చెల్లుతాయి" అని ఉంటే, నా పాలు గిన్నెలోనే ఉండేవి. నమస్కారాలు ఆ తర్వాత పెట్టినా మేమేమీ అనుకోం.

అన్నట్టు, అడుగున చుక్కల గీత గీసి, "చదివి అర్థం చేసుకున్నాము" అని సంతకం చేసి, చించి పంపమన్నారు కదా. మా ఆయన స్కేలు పెట్టి చక్కగా చించి, సంతకం చేసి, పొద్దున్నే పాప డైరీలో పెట్టి పంపేశారు. పిల్లల్ని ఎన్నింటికి దింపాలి, రాత్రి ఏ గేటు దగ్గర తీసుకోవాలి, బస్సులు ఉంటాయా ఉండవా అన్నదంతా ఆ చీటీ వెనకవైపు అచ్చేశారని ఆటో వెళ్లిపోయాక గుర్తొచ్చింది. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద వేలాడుతున్నది తమరి పై సగం, అంటే నమస్కారాలూ, ప్రగతీ, అనివార్య కారణాలూ.

ఇట్లు,
నెమలి తల్లి