లారెంట్ శ్రేణి ఒక్కటే కాదు, ఎన్ని వలయాలుంటే అన్ని

“ఒక ఫంక్షన్‌కి ఒక బిందువు చుట్టూ లారెంట్ శ్రేణి ఒకటే ఉంటుంది. అందులో 1/z గుణకమే రెసిడ్యూ. రుణ ఘాతాలు అంతులేకుండా వస్తే అది ఎసెన్షియల్ సింగులారిటీ.”

తరచూ వినిపించే ఈ మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టుగా తప్పే. అది చూపడానికి ఒకే లెక్క చాలు. పాక్షిక భిన్నాలుగా విడగొడితే:

```
f(z) = 1/(z(z-1)(z-2))
     = 1/(2z) - 1/(z-1) + 1/(2(z-2))
```

పోల్స్ 0, 1, 2 దగ్గర ఉన్నాయి. 0ని కేంద్రంగా పెట్టుకుంటే 1, 2 వ్యాసార్థాల వృత్తాలు తలాన్ని మూడు ముక్కలు చేస్తాయి, అవే మన వలయాలు. 1/(z-1)ని గుణశ్రేణిగా రాసేటప్పుడు z, 1లలో ఏది పెద్దదో దాన్ని బయటికి తీయాలి, 1/(z-2)కీ అంతే. ఏది పెద్దదన్నది వలయాన్ని బట్టి మారుతుంది, దాంతో శ్రేణీ మారుతుంది:

```
0<|z|<1: 1/(2z) + 3/4 + 7z/8 + 15z²/16 + ...
1<|z|<2: ... - 1/z³ - 1/z² - 1/(2z) - 1/4 - z/8 - z²/16 - ...
|z|>2:   1/z³ + 3/z⁴ + 7/z⁵ + ...
```

సిద్ధాంతం చెప్పే ఏకత్వం నిజమే, కానీ అది ఎంచుకున్న ఒక వలయం లోపలి మాట. పుస్తకంలో “ఈ వలయంలో” అన్న మాటను చదివేటప్పుడు ఎగరగొట్టడంతోనే చిక్కంతా వస్తోంది.

నమ్మకం కుదరకపోతే z = 3/2 వేసి చూడండి. f విలువ -8/3. మధ్య శ్రేణిలో 1/z² నుంచి మొదలయ్యే రుణ ఘాతాల మొత్తం -4/3, 1/z పదం -1/3, మిగతావన్నీ కలిపి -1. కూడితే సరిగ్గా -8/3. అదే విలువను మొదటి శ్రేణిలో వేస్తే పదాలు పెరుగుతూ పోతాయి, మొత్తం ఎక్కడా ఆగదు.

ఇక రెసిడ్యూ. 1/z గుణకాలు వరుసగా 1/2, -1/2, 0. వీటిలో 0 దగ్గరి రెసిడ్యూ మొదటిదే, ఎందుకంటే పోల్‌కి ఆనుకుని ఉన్న వలయం అదొక్కటే. మిగతా రెండూ ఉత్తుత్తి అంకెలు కావు: మధ్యలోది 0, 1 పోల్స్ రెసిడ్యూల మొత్తం (1/2 - 1), చివరిది మూడింటి మొత్తం. అందుకే |z| = 3/2 వృత్తం మీద సమాకలని -πi వస్తుంది, |z| = 3 మీద సున్నా. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: బయటి శ్రేణి రాసి, “1/z పదం లేదు, కాబట్టి 0 దగ్గర రెసిడ్యూ సున్నా” అనేయడం.

మూడో వాక్యానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మధ్య శ్రేణిలో రుణ ఘాతాలు అనంతం, అయినా 0 సాదా పోలే. ఆ పరీక్ష కూడా పోల్‌ని ఆనుకున్న వలయంలోనే చెల్లుతుంది.

కేంద్రాన్ని 1కి జరిపితే వలయాలు మూడు కాదు, రెండే. 0, 2 రెండూ 1 నుంచి ఒకే దూరంలో ఉన్నాయి మరి. u = z-1 అనుకుంటే ఫంక్షన్ 1/(u(u²-1)); 0<|u|<1లో శ్రేణి -1/u - u - u³ - ..., 1 దగ్గర రెసిడ్యూ -1.