ఒకే తప్పు, ఇరవై చీటీలు

చిన్న ప్రకటనలు, శ్రద్ధాంజలి ప్రకటనలు ఇంటి నుంచే ఇచ్చుకునేలా మేము చేయించిన యాప్‌ను గత ఏడాది పాఠకులకు అందించే ముందు, మా విశాఖ కార్యాలయంలో ఒక మధ్యాహ్నం 22 మందిని కూర్చోబెట్టాం. ప్రకటనల కౌంటరు సిబ్బంది, ప్రూఫ్‌రీడర్లు, పేజీలు దిద్దేవారు, గాజువాక నుంచి భీమిలి దాకా ఉన్న ఏజెంట్లు, ఇద్దరు వ్యాను డ్రైవర్లు వచ్చారు. సాఫ్ట్‌వేర్ పరీక్షించడం వృత్తిగా ఉన్నవారు ఒక్కరూ లేరు. రకరకాల పనుల్లో ఉన్నవారిని పిలిచి, గడువు పెట్టి, అందరిచేతా ఒకేసారి తప్పులు వెతికించే ఈ పద్ధతిని సాఫ్ట్‌వేర్ రంగంలో బగ్ బాష్ అంటారు. గంటన్నరలో తప్పులు రాసిన చీటీలు 71 పోగయ్యాయి. మేము సంబరపడ్డాం. మర్నాడు కూర్చుని వడగడితే అందులో వేర్వేరు తప్పులు 19 మాత్రమే తేలాయి. తక్కినవన్నీ ఒకరు చెప్పినదాన్నే మరొకరు చెప్పినవి.

నగరంలో ఇప్పుడు ప్రతి కార్యాలయమూ ఏదో ఒక యాప్ తెస్తోంది. విడుదలకు ముందు సిబ్బందిని కూర్చోబెట్టి చూపించామని చెప్పుకోవడమూ మామూలైంది. ఆ కూర్చోబెట్టడంలో మేము చేసిన తప్పులను ఇక్కడ దాచకుండా చెబుతున్నాం. డూప్లికేట్లను చెత్తగా చూడటమే వాటిలో పెద్దది.

మొదటి పొరపాటు చీటీలు రాయక ముందే జరిగింది. ‘యాప్ తెరిచి, కనిపించిన తప్పులు రాయండి’ అన్నాం. 22 మందీ లాగిన్ తెర దగ్గరే మొదలుపెట్టారు. గుడికి ఒకే ద్వారం ఉంటే తొక్కిసలాట అక్కడే కదా! 71 చీటీల్లో 26 ఆ ఒక్క తెర మీదే వచ్చాయి. ప్రకటన రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే భాగం వైపు ఆ రోజు ఒక్కరూ వెళ్లలేదు. ‘రాసే ముందు, ఎవరైనా ఇదే రాశారేమో వెతకండి’ అని హెచ్చరించాం కూడా. అది దండగమారి సలహా అని తర్వాత తెలిసింది. టెస్టరుకు ఆ వెతుకులాట అలవాటు. కౌంటరు గుమాస్తా తనకు కనిపించిన దానికి తన మాటల్లో పేరు పెడతాడు, పక్కవాడు అదే తప్పుకు ఇంకో పేరు పెడతాడు. రెండు పేర్లూ వెతుకులాటలో కలవవు. వెతకలేక కొందరు రాయడమే మానేశారు. అది డూప్లికేట్ కంటే పెద్ద నష్టం.

రెండోసారి తలుపులు పంచాం. ఇద్దరిద్దరిని జత చేసి, ఏ తెర నుంచి మొదలుపెట్టాలో ప్రతి జతకూ ఒక కాగితం ఇచ్చాం. ఒక జతకు శ్రద్ధాంజలి ప్రకటనలో ఫొటో పెట్టడం, మరో జతకు చెల్లింపు మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో చూడటం, ఇంకో జతకు రద్దు. వాళ్ల ఫోన్లలో ముందే లాగిన్ చేసి ఉంచాం, లాగిన్ పరీక్షను ఒక్క జతకే వదిలాం. జతలో ఒకరు ఫోను పట్టుకుంటే రెండోవారు రాస్తారు. ప్రతి జతకూ విడి ఖాతా ఇచ్చాం. మొదటిసారి అందరికీ ఒకే ఖాతా ఇవ్వడంతో ఒకరు పెట్టిన ప్రకటనను మరొకరు తీసేశారు, ‘ప్రకటన మాయమైంది’ అని నాలుగు చీటీలు వచ్చాయి. డెవలపర్లు ఆ లేని తప్పు కోసం సగం రోజు వెతికారు. ఇంకో మాట: ఎక్కువ చీటీలు రాసినవారికి బహుమతి అని మొదటిసారి ప్రకటించాం. ఒక పెద్దమనిషి ఒకే తప్పును ఏడు చీటీలుగా చీల్చి బహుమతి పట్టుకుపోయారు. ఆయన తప్పేమీ లేదు, మేము పెట్టిన పందెమే అలాంటిది.

ఇక చీటీ విషయం. ఏ తెర మీద, ఏమి చేశారు, ఏమైంది, ఏమవుతుందని అనుకున్నారు అన్న నాలుగు ప్రశ్నలు, తెర ఫొటో ఒకటి. ఫోను మోడలు, యాప్ ఏ కూర్పో చెప్పే బిల్డ్ సంఖ్య మేమే ముందుగా నింపి ఉంచాం. ఆ గంటన్నరలో కొత్త బిల్డ్ పెట్టవద్దని డెవలపర్లకు గట్టిగా చెప్పాం. మధ్యలో మారిస్తే ఎవరు దేన్ని చూసి రాశారో తేలదు. నాలుగింటిలోనూ ఎక్కువ పనికొచ్చింది చివరి ప్రశ్న. ‘పేరు తప్పుగా వచ్చింది’ అని ఆగిపోయే మనిషి, ‘ఏమవుతుందని అనుకున్నారు’ అని అడిగితే అసలు సంగతి రాస్తాడు.

పేరు కథ కాస్త విడమరచి చెప్పాలి. మూడు చీటీలు వచ్చాయి. ఒక ప్రూఫ్‌రీడర్ రాసిన చీటీ: ‘సూర్యనారాయణమూర్తి అని కొట్టాను, నమూనాలో చివరి గుడి పోయి సూర్యనారాయణమూర్త అని వచ్చింది.’ కౌంటరు ఉద్యోగిని రాసిన చీటీ: ‘రసీదులో పేరు చివర నల్లటి డైమండులో ప్రశ్నార్థకం ఉంది.’ ఏజెంటు రాసినది: ‘పేజీకి పంపు నొక్కితే ఏమీ జరగడం లేదు.’ మూడు తెరలు, మూడు లక్షణాలు. చదివినవారెవరూ ఇవి ఒకటే అనుకోరు.

మూడింటికీ కారణం ఒక్కటే. కంప్యూటరులో అక్షరాలు పట్టే చోటును బైట్లలో కొలుస్తారు. పేరు గడికి డేటాబేస్‌లో 50 బైట్ల హద్దు పెట్టారు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటుంది కనుక అదే పేరు ఇంగ్లిష్‌లో 19 బైట్లలో ఇమిడిపోతుంది. డెవలపర్లు ఇంగ్లిష్ పేర్లతోనే చూసుకున్నారు. తెలుగులో, అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, ప్రతి హల్లు, ప్రతి గుణింతపు గుర్తు, ఒత్తుకు ముందు దాగి ఉండే పొల్లు కూడా ఒక్కొక్కటి మూడు బైట్లు. సూర్యనారాయణమూర్తిలో అలాంటివి 17, అంటే 51 బైట్లు. ఒక్క బైటు ఎక్కువైంది, చివరి గుడికి ఉండాల్సిన మూడు బైట్లలో రెండే మిగిలాయి. ఆ విరిగిన ముక్కను నమూనా తెర మింగేసింది, రసీదు ప్రశ్నార్థకంగా చూపింది, పేజీ తయారుచేసే భాగం అసలు తీసుకోనంది. పోయిన తండ్రి పేరు చివరి గుడి లేకుండా అచ్చయితే ఆ కుటుంబానికి మేమేమి సమాధానం చెప్పగలం? ఈ మూడు చీటీలూ ఉండబట్టే డెవలపర్లు ఒక తెరకు అతుకు వేయకుండా మూలానికి వెళ్లారు. ఒక్క చీటీయే ఉంటే రసీదు తెర దిద్ది ఊరుకునేవారు.

దీనికి సరిగ్గా ఎదురు కథ ఓటీపీది. ‘ఓటీపీ పనిచేయడం లేదు’ అని మొదటి విడతలో తొమ్మిది చీటీలు వచ్చాయి. చీటీలు చూసే బాధ్యత అప్పగించిన మా ఉద్యోగి మొదటిదాన్ని ఉంచి, ఎనిమిదింటినీ డూప్లికేట్లని మూసేశారు. మొదటిదానికి కారణం దొరికింది: మెమరీ తక్కువ ఉన్న ఫోన్లలో ఓటీపీ చూడటానికి సందేశాల్లోకి వెళ్తే యాప్ వెనుక మూతపడి, తిరిగి వచ్చేసరికి మళ్లీ నంబరు అడుగుతోంది. కొత్త ఓటీపీ వస్తుంది, పాతది చెల్లదు. దాన్ని దిద్దారు, అందరం నిశ్చింతగా ఉన్నాం. మూసేసిన ఎనిమిదింటిలో ఒకటి మాత్రం వేరు. అది రాసిన ఏజెంటు ఫోను తనంతట తాను నంబరు ముందు 91 చేర్చి నింపింది. యాప్ ఆ పన్నెండు అంకెల్లో మొదటి పదీ తీసుకుంది. అంటే ఓటీపీ వెళ్లింది 91తో మొదలయ్యే మరెవరి ఫోనుకో! విడుదలయ్యాక ఒక పాఠకుడు ఫిర్యాదు చేస్తే తెలిసింది. మూసేసిన చీటీ తెరిచి చూస్తే, ‘సందేశం రానే లేదు’ అని ఆ ఏజెంటు స్పష్టంగానే రాశారు. తక్కిన ఎనిమిది మంది ‘వచ్చింది, చెల్లలేదు’ అన్నారు. శీర్షికలు ఒకటే, లోపలి మాట వేరు. మేము శీర్షికలే చదివాం.

అందుకే ఇప్పుడు మా దగ్గర ఏ చీటీనీ మూసెయ్యరు. ఒకటిగా కనిపించిన వాటిని మొదటి చీటీ కింద కట్టి ఉంచుతారు. కట్టేముందు ఒక పరీక్ష ఉంటుంది: ఈ చీటీలో రాసిన అడుగులు వేస్తే ఆ చీటీలో చెప్పినదే జరుగుతుందా? దిద్దిన తర్వాత కట్టలోని ప్రతి చీటీ అడుగులనూ మళ్లీ వేసి చూస్తారు. ఒకటి ఇంకా తప్పుతోంటే అది డూప్లికేట్ కాదని అర్థం, దాన్ని విడదీస్తారు. ఈ పని ఒక్క మనిషి చేతిలోనే ఉండాలి. ఆ మనిషి పరీక్షలో కూర్చోకూడదు, పావుగంటకోసారి చీటీలు చదువుతూ అనుమానం వస్తే రాసినవారి పక్కకు వెళ్లి చూసి రావాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ జత ఏ మీట నొక్కిందో వారికే గుర్తుండదు.

డూప్లికేట్లు ఇంకో పనికీ వస్తాయి. ఇంకా ఎన్ని తప్పులు కనబడకుండా ఉన్నాయో అంచనా కట్టవచ్చు. చెరువులో చేపల లెక్కకు వాడే ఉపాయమే ఇది. కొన్ని పట్టి, గుర్తు వేసి వదిలి, మళ్లీ వల వేస్తే, గుర్తున్నవి ఎన్ని పడ్డాయో దాన్ని బట్టి మొత్తం తెలుస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 19వ శతాబ్దం చివర చేపలకు గుర్తులు వేసిన పని నుంచి వచ్చిన లెక్క ఇది. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్లో దీన్ని వివరించడం కష్టం కాలేదు. రెండో విడతలో ప్రకటన ఇచ్చే భాగాన్ని రెండు గదుల్లో రెండు జట్లకు విడివిడిగా అప్పగించాం. ఒక గది 12 తప్పులు, మరో గది 10 పట్టుకున్నాయి, రెండింటిలోనూ ఉన్నవి 6. పన్నెండును పదితో హెచ్చించి ఆరుతో భాగిస్తే 20. చేతికి వచ్చినవి 16 కనుక, మరో నాలుగు దాగి ఉన్నట్టు లెక్క. తేలిక తప్పులు రెండు గదులకూ దొరుకుతాయి, కష్టమైనవి ఏ గదికీ దొరకవు. అందువల్ల ఈ లెక్క సాధారణంగా తక్కువే చూపుతుంది. మరో మధ్యాహ్నం వెచ్చిస్తే మాకు దొరికినవి ఐదు.

ఇక్కడొక చిక్కు ఉంది. దొరికిన తప్పులను అందరికీ కనిపించేలా బోర్డు మీద రాస్తే డూప్లికేట్లు తగ్గుతాయి, కానీ ఒక గది చూసింది మరో గదికి తెలిసిపోయి ఈ లెక్క చెడుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. ముఖ్యమైన ఒక్క భాగానికి మొదటి 45 నిమిషాలు బోర్డు మూసి ఉంచి, తర్వాత తెరవాలని మేము నిర్ణయించుకున్నాం. మిగతా భాగాలకు మొదటి నుంచీ బోర్డు తెరిచే ఉంటుంది. డెవలపర్లకు ముందే తెలిసిన లోపాలను కూడా ఆ బోర్డు మీద మొదటే రాస్తాం.

ప్రజలకు సేవలందించే యాప్ తెచ్చే కార్యాలయాలు ఇంజినీర్లను, అధికారులను చుట్టూ నిలబెట్టి ఫొటో దిగడం మాని, రోజూ కౌంటర్లో జనంతో మాట్లాడే గుమాస్తాలకు ఒక మధ్యాహ్నం కేటాయించాలని మా సూచన. వారు రాసిన ప్రతి చీటీ ఏమైందో వారికి వారంలోగా చెప్పాలి కూడా. ఈ ఒక్క పని మేమూ సరిగా చేయలేదు. ఓటీపీ చీటీ రాసిన ఏజెంటు మొన్న కార్యాలయానికి వచ్చి, తన చీటీ మూసేశారని యాప్ నుంచి సందేశం వచ్చాక మళ్లీ రాయబుద్ధి కాలేదని అన్నారు. మూడో విడతకు ఆయన్నే మొదట పిలిచాం. ఆయన చేతికిచ్చిన కాగితం మీద రాసి ఉన్నది: రద్దు, డబ్బు వాపసు.