గ్రూపు నిండా ప్రేమ, గల్లాపెట్టె ముందు ఈగలు

వ్యాపారస్తులకు ఒక మనవి. సరుకు తయారుచేసి అమ్ముకోవడం అనే మోటు పద్ధతి ఇక కట్టిపెట్టండి. ఇప్పుడు కంపెనీలన్నీ కస్టమర్లతో కుటుంబాలు కడుతున్నాయి. సైకిళ్లమ్మే షాపువాళ్లు ఆదివారం తెల్లారకముందే జనాన్ని లేపి, అందరికీ ఒకే రంగు టీషర్టు తొడిగి, నెక్లెస్ రోడ్డు మీద తిప్పి, చివర్లో ఇడ్లీ పెట్టి పంపిస్తున్నారు. మసాలాపొడులు చేసేవాళ్లు వాట్సాప్‌లో వంటల గ్రూపు పెట్టి గుత్తివంకాయ పోటీలు నడుపుతున్నారు. ఇడ్లీల బిల్లు చేత్తో పట్టుకుని "దీనివల్ల మనకి వచ్చిందేంటి సార్?" అని అడిగిన అకౌంటెంటు వైపు మీటింగులో అందరూ జాలిగా చూస్తారు. ప్రేమకి లెక్కలడిగే మనిషిని ఇంకెలా చూస్తారు?

ఆ అకౌంటెంటు నోరు శాశ్వతంగా మూయించడానికే నేనీ వ్యాసం రాస్తున్నాను. అందుకు ఈ మధ్యకాలంలో మనుషులు అన్నిటికన్నా ఎక్కువగా ప్రేమించిన కుక్కరు కథ తీసుకుంటాను.

కెనడాలో రాబర్ట్ వాంగ్ అనే ఇంజనీరు ఉద్యోగం పోయాక ఇంకొందరితో కలిసి 2010లో ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కరు తెచ్చాడు. టీవీ ప్రకటనలకు డబ్బుల్లేవు. ఓ రెండొందల కుక్కర్లు వంటల పుస్తకాలు రాసేవాళ్లకీ, వంటలు నేర్పేవాళ్లకీ పంపించాడు. వాళ్లు వండి చూపించారు. ఫేస్‌బుక్‌లో గ్రూపు మొదలైంది. చూస్తూ చూస్తూ ఉండగానే అందులో జనం 20 లక్షలు దాటిపోయారు. 2016లో అమెజాన్ ప్రైమ్ డే నాడు 2,15,000 కుక్కర్లు అమ్ముడుపోయాయి. ఇంత తక్కువ ప్రచారంతో ఇంత అమ్మకమా అని మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పేవాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు. కొత్తవాడి చేత మొదటి కుక్కరు కొనిపించడంలో గ్రూపుని మించింది లేదు. ఈ విషయంలో నాకు వ్యంగ్యం కూడా రావడం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి సరేసరి. విజిళ్లు లెక్కపెట్టుకుంటూ పెరిగిన జాతి ఒక్కసారిగా విజిలే వేయని కుక్కరు ముందు నిలబడింది. "మూడు విజిళ్లంటే ఎన్ని నిమిషాలక్కా?" అన్నది ఇలాంటి గ్రూపుల్లో తెలుగువాళ్ల మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న, తెర మీద Burn అని వచ్చి కుక్కరు ఆగిపోతోంది ఏం చెయ్యాలని. జవాబు వెంటనే వస్తుంది. గిన్నె కింద వేడి కొలిచే సెన్సరు ఉంటుందమ్మా, పోపు అడుగున అంటుకుంటే అక్కడ వేడి పెరిగిపోయి అది బెదిరిపోతుంది. పోపయ్యాక కాసిని నీళ్లు పోసి చెక్క గరిటెతో అడుగంతా గీకి, అప్పుడు మూత పెట్టు. అదీ కుదరకపోతే లోపల స్టాండు పెట్టి, దాని మీద పప్పుగిన్నె వేరేగా పెట్టుకో.

ఈ జవాబు జీతమిచ్చి పెట్టుకున్న కస్టమర్ కేర్ మనిషి చెబితే కంపెనీకి ఖర్చు. డాలస్‌లో ఒక అక్క పిల్లల్ని పడుకోబెట్టి చెబితే ఉచితం. పైగా ఆ జవాబు దొరక్కపోతే కుక్కరు అట్టపెట్టెలో ఎక్కి వెనక్కి పోయేది. కస్టమర్ల గ్రూపు వల్ల కంపెనీకి చేత్తో పట్టి చూపించగలిగే లాభాల్లో ఇది ముందుంటుంది. విచిత్రమేమిటంటే రిపోర్టుల్లో దీన్ని రాసేవాళ్లు తక్కువ. తగ్గిన ఫోన్లు, వెనక్కి రాని పెట్టెలు చూడ్డానికి అందంగా ఉండవు కదా. లైకులు ఉంటాయి.

అదే గ్రూపు చేసే రెండో పని కూడా చూద్దాం. ఆ కుక్కరు మూతకి లోపలివైపు సిలికాన్ రింగు ఉంటుంది. దానికి సాంబారు వాసన పట్టిందంటే వదలదు, మర్నాడు పరమాన్నంలో ఇంగువ ఘుమఘుమలాడుతుంది. అందుకని కంపెనీ ఎర్ర రింగొకటి, నీలం రింగొకటి అమ్ముతుంది, కూరకొకటి తీపికొకటి పెట్టుకోమని. కుక్కరు ఒకసారే కొంటారు, రింగు మాత్రం సాగిపోతుంది, మళ్లీ కొంటారు. అంటే కంపెనీకి మిగిలిన చిన్న పాడిగేదె ఈ రింగే. ఇప్పుడు గ్రూపులోకి తొంగి చూడండి. "కొనకండి, నిమ్మతొక్కలు వేసిన నీళ్లతో ఆవిరి పట్టించి ఎండలో ఆరేస్తే పోతుంది" అని ఒకరు. "ఊరూ పేరూ లేని కంపెనీది సగం ధరకే వస్తోంది, నేను వాడుతున్నా, బాగుంది" అని లింకుతో సహా ఇంకొకరు. కింద బోలెడన్ని హృదయాలు. ఆ నెల రిపోర్టులో ఈ సంభాషణ "అద్భుతమైన ఎంగేజ్‌మెంట్" పద్దు కింద జమ అయి ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఇంతకీ అసలు చిక్కు ఏమిటంటే ఆ కుక్కరు మంచిది. ఏళ్ల తరబడి పాడవదు. గ్రూపులో ఉన్నవాళ్లు దాన్ని సరిగ్గా వాడటం నేర్చుకున్నారు కాబట్టి ఇంకా ఎక్కువ కాలం పాడవదు. అమెరికాలో ఈ రకం కరెంటు కుక్కర్ల అమ్మకాలు 2020లో 75.8 కోట్ల డాలర్లు ఉంటే, 2022 నాటికి 34.4 కోట్లకి పడిపోయాయి. 2023 జూన్‌లో కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఆ రోజు కూడా గ్రూపులో ఎవరో ఒకరు చికెన్ కర్రీ ఫొటో పెట్టే ఉంటారు. దివాలాకి గ్రూపు కారణమని నేననను. 2019లో ఇంకో గిన్నెల కంపెనీతో విలీనం చేశారు, నెత్తిన అప్పులున్నాయి, వడ్డీలు పెరిగాయి. ఉన్నవాళ్లందరికీ ఒక కుక్కరు ఉండి, రెండోది ఎందుకు కొనాలో ఎవరికీ తెలియనప్పుడు లక్షల మంది ప్రేమ వడ్డీ కట్టలేదు, అంతే.

ప్రేమని వాయిదాల్లో వసూలు చెయ్యడం తెలిసినవాళ్లు లేకపోలేదు. హార్లీ డేవిడ్‌సన్ అనే మోటారుసైకిళ్ల కంపెనీ మునిగిపోయే దశలో ఉండగా 1981లో అందులో పనిచేసే 13 మంది పెద్ద ఉద్యోగులే దాన్ని కొనుక్కున్నారు. 1983లో బండి కొన్నవాళ్ల కోసం ఒక సంఘం పెట్టారు. కొత్త బండి కొంటే మొదటి ఏడాది సభ్యత్వం ఉచితం. కిటుకు అది కాదు. ప్రతి ఊళ్లో ఉండే శాఖనీ అక్కడి డీలరుకి ముడిపెట్టారు. ఆదివారం జనం పోగయ్యే షోరూములోనే తోలు జాకెట్లు, సైలెన్సర్లు, సీట్లు, సర్వీసింగు అన్నీ ఉంటాయి. కుక్కరుకి పెట్టడానికి తీరా చూస్తే రెండు రింగులున్నాయి, బండికి పెట్టడానికి అంతు లేదు. సంఘం ఏం తిరిగిస్తుందన్నది సభ్యుల ప్రేమ మీద కన్నా అమ్మడానికి రెండో వస్తువు ఉందా లేదా అన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

మన హైదరాబాదుకి ఈ కథతో చుట్టరికం ఉంది. ఇండియాలో హార్లీ మొదటి షోరూము 2010లో ఇక్కడే తెరుచుకుంది. బళ్లు, రైడ్లు, జెండాలు, ఒకే రకం జాకెట్లు, అన్నీ వచ్చాయి. 2020 సెప్టెంబరులో కంపెనీ ఇక్కడ తయారీ, సొంత అమ్మకాలు ఆపేస్తున్నామంది. ఆ తర్వాత అమ్మే పని హీరో మోటోకార్ప్ చేతికి అప్పజెప్పింది. కుటుంబం ఇక్కడే ఉంది, ఇంటిపెద్ద మాత్రం పెట్టె సర్దుకుని వెళ్లాడు. వెళ్లేటప్పుడు చూసుకున్నది ఏడాదికి ఎన్ని బళ్లు పోతున్నాయనే, ఎంతమంది కౌగిలించుకున్నారని కాదు.

సైకిళ్ల సంగతి కూడా ఒక్క మాట. లండన్‌లో రాఫా అని సైకిలు తొక్కేవాళ్ల బట్టల కంపెనీ ఉంది. దాని క్లబ్బులో చేరాలంటే ఎదురు డబ్బు కట్టాల్సి వచ్చేది. జనం కట్టారు కూడా. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2017లో వాల్‌మార్ట్ కుటుంబపు వారసులు దాన్ని కొన్నారు. తర్వాత ఏళ్ల తరబడి నష్టాలే చూశారు. క్లబ్బు మాత్రం బాగా నడిచింది.

ఇప్పుడు అకౌంటెంటుని నేరుగా ఎదుర్కొందాం. ప్రతి మార్కెటింగు మేనేజరు దగ్గరా ఒక స్లైడు ఉంటుంది. ఒక కంపెనీ అనుకుని లెక్క కడదాం. గ్రూపులో 5,000 మంది ఉన్నారు. సభ్యుడు ఏడాదికి సగటున ₹6,000 సరుకు కొంటున్నాడు, బయటివాడు ₹2,000. కాబట్టి గ్రూపు వల్ల మనిషికి ₹4,000 లాభం. చప్పట్లు. ఆ అకౌంటెంటు దుర్మార్గుడు కాబట్టి వెనకనుంచి చెయ్యెత్తుతాడు. "వీళ్లే, గ్రూపులో చేరకముందు ఏడాది ఎంత కొన్నారు సార్?" తీసి చూస్తే ₹5,500. మన సరుకంటే ముందే పడిచచ్చేవాళ్లే గ్రూపులో చేరారు. అంటే పెరిగింది ₹500. అతను కూర్చోడు. "ఇలాంటి పాత కస్టమర్లే, గ్రూపులో లేనివాళ్లకి ఎంత పెరిగింది?" ₹300 పెరిగింది, పండగ ఆఫర్ల వల్ల. ఇంక గ్రూపు ఖాతాలో మిగిలింది మనిషికి ₹200 అమ్మకం. అందులో కంపెనీకి మిగిలేది నూటికి ముప్పై అనుకుంటే ₹60. గ్రూపు చూసుకునే అమ్మాయి జీతం, ఇడ్లీలు, టీషర్టులు కలిపి ఏడాదికి ₹10 లక్షలైతే, తలకి ₹200 ఖర్చు. ఒక్కో ప్రేమకి ₹140 చేతినుంచి పడుతోంది. తగ్గిన కస్టమర్ కేర్ ఫోన్లు, గ్రూపు మాట విని కొన్న కొత్తవాళ్లు ఆ లోటు పూడ్చాలి. పూడ్చవచ్చు కూడా. కానీ ఆ రెండూ ఎవరూ లెక్కపెట్టలేదు, స్లైడులో చోటు చాలలేదు.

దీనికి నిజాయితీగా లెక్కకట్టే దారి ఉంది. పాత కస్టమర్ల జాబితా తీసుకుని, బొమ్మా బొరుసూ వేసినట్టు రెండు ముక్కలు చెయ్యాలి. ఒక ముక్కని గ్రూపులోకి పిలవాలి, రెండో ముక్కని పిలవకూడదు. ఏడాది ఆగి, చేరినవాళ్లని ఒక్కళ్లనే కాకుండా పిలిచిన అందరినీ, పిలవని అందరితో పోల్చాలి. జర్మనీలో ఈబే అనే వేలంపాటల వెబ్‌సైటు మీద పరిశోధకులు ఏడాది పాటు ఇలాంటి ప్రయోగమే చేశారు, ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. గ్రూపులో చేరాక జనం ఎక్కువ ఖర్చుపెడతారనుకుంటే, చాలామటుకు తగ్గించారు. వేలంపాటలో తక్కువ పాడుకోవడం, అక్కర్లేనివి అమ్మకానికి పెట్టకపోవడం నేర్చుకున్నారు. నలుగురు కొనేవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకుంటే తెలివి మీరతారన్నది మన కూరగాయల మార్కెట్లో ఏ గంపవాడిని అడిగినా చెబుతాడు.

ఈ బొమ్మా బొరుసూ పద్ధతి చెబితే మేనేజరుగారు ససేమిరా ఒప్పుకోరు. సగం మందిని పిలవకపోతే వాళ్ల మనసు నొచ్చుకుంటుందట, అది మన విలువలకి విరుద్ధమట. ఆయన వాదనలో న్యాయం ఉంది. అందుకే ఉభయులకీ నచ్చేలా నేనొక రాజీ చెబుతున్నాను. వచ్చే ఏడాదినుంచి లాభాన్ని రూపాయల్లో కొలవడం ఆపేసి, ఎన్ని గుండె బొమ్మలు వచ్చాయో కొలుద్దాం. జీతాలు మాత్రం ఎప్పట్లాగే రూపాయల్లోనే ఇవ్వాలని మార్కెటింగు విభాగం ముందే పట్టుబట్టింది కాబట్టి, ఆ ఒక్క కాలమ్ జోలికి పోవద్దు.