60 రోజుల గడువు క్లయింట్ రాసుకున్నంత మాత్రాన చెల్లదు

ఫ్రీలాన్సర్లకు డబ్బు ఆలస్యమైతే చాలామంది అసలు కోసమే బతిమాలుకుంటారు, వడ్డీ ఊసెత్తరు. ఎత్తినా కాంట్రాక్టులో క్లయింట్ రాసిన గడువు, క్లయింట్ రాసిన రేటు చూసి లెక్క వేసుకుంటారు. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ రెండూ ఆఖరి మాట కావు. ఒంటరిగా పని చేసుకునే డిజైనరైనా, అనువాదకుడైనా ఈ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి కోసం 2006లో చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం గడువు ఎంత రాసుకున్నా, పనిని అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. గడువే రాసుకోకపోతే 15 రోజులు. అది దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఒప్పందంలో ఇంకేదో రాసి ఉన్నా ఈ వడ్డీ తప్పదని చట్టంలోని 16వ సెక్షన్ సూటిగా చెబుతోంది.

ఒక ఊహాత్మక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఉండే ఒక డిజైనర్ బెంగళూరు కంపెనీకి యాప్ స్క్రీన్లు చేసి 2024 జూన్ 3న ఫైళ్లు అప్పగించి, అదే రోజు లక్షా 20 వేల రూపాయల బిల్లు పంపారు. కాంట్రాక్టులో 60 రోజుల గడువు, ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ అని ఉంది. డబ్బు అక్టోబర్ 18న వచ్చింది. టీడీఎస్ సంగతి పక్కన పెడదాం.

కాంట్రాక్టు ప్రకారం చూస్తే గడువు ఆగస్టు 2తో ముగిసింది. అక్కడి నుంచి 77 రోజుల ఆలస్యం. 1,20,000ను 12 శాతంతో, 77తో గుణించి 365తో భాగిస్తే వచ్చేది 3,038 రూపాయలు.

చట్టం ప్రకారం 45 రోజులు జూలై 18తో పూర్తయ్యాయి కాబట్టి వడ్డీ జూలై 19 నుంచి మొదలవుతుంది. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడు రెట్లంటే 20.25, నెలకు 1.6875 శాతం. మొదటి నెల వడ్డీ 2,025 రూపాయలు. దాన్ని అసలుకు కలిపితే రెండో నెల వడ్డీ 2,059, మూడో నెల 2,094. అక్టోబర్ 18తో సరిగ్గా మూడు నెలలు నిండాయి, మొత్తం 6,178 రూపాయలు. అదే బిల్లు, అదే ఆలస్యం, వడ్డీ మాత్రం రెట్టింపు. అందులో కొంత రేటు వల్ల వచ్చింది, కొంత 15 రోజులు ముందుగా లెక్క మొదలవడం వల్ల వచ్చింది. బ్యాంక్ రేటు మారుతూ ఉంటుంది కాబట్టి ఆలస్యమైన కాలానికి ఏ రేటు అమల్లో ఉందో చూసుకునే లెక్క కట్టాలి.

అసలు పేచీ వచ్చేది రేటు దగ్గర కాదు, మొదటి తేదీ దగ్గర. బిల్లు తేదీని బట్టి కాక, పని అంగీకరించిన తేదీని బట్టి 45 రోజులు లెక్కిస్తారు. పని అందిన 15 రోజుల్లోగా క్లయింట్ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు. చెబితే మాత్రం, ఆ లోపం సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ‘చిన్న మార్పు చేయండి’ అని జూన్ 10న వచ్చిన ఈమెయిల్‌ను క్లయింట్ తర్వాత అభ్యంతరంగా చూపించొచ్చు. అది లోపం గురించా, ఒప్పుకున్న పనిలో లేని కొత్త కోరికా అన్నది అప్పుడే తేల్చి జవాబు రాసి పెట్టుకోవాలి. ఫైళ్లు కూడా ఫోన్లో లింకు పంపి ఊరుకోకుండా, తేదీతో ఈమెయిల్‌లో అప్పగించాలి. నా దృష్టిలో మిగతా కాగితాలన్నిటికంటే ఈ రెండు ఈమెయిళ్లే ముఖ్యం.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాంట్రాక్టుకు ముందే తీసుకోవడం మంచిది. డబ్బు ఆగిపోయాక హడావిడిగా తీసుకుంటే పాత బిల్లుకు ఈ వడ్డీ దక్కుతుందని నమ్మడానికి లేదు. అది లేనివాళ్లకు కాంట్రాక్టు రేటే దిక్కు. రేటు కూడా రాసుకోకపోతే 1978 నాటి వడ్డీ చట్టం కింద కోర్టును అడగాలి. చెల్లింపు తేదీ రాతలో ఖరారై ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే వడ్డీ అడుగుతూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్రీలాన్సర్ క్లయింట్ ఊరికి తిరగనక్కర్లేదు. మన డిజైనర్ ఇలాంటి బాకీల వివాదాలు తేల్చడానికి ఈ చట్టం కింద తెలంగాణలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎందుకంటే క్లయింట్ దేశంలో ఎక్కడున్నా పని చేసినవాళ్లు ఉన్న చోటి కౌన్సిల్‌కు వివాదం వినే అధికారం ఉంది. అక్కడ వచ్చిన తీర్పును కొట్టేయమని కంపెనీ కోర్టుకు వెళ్లాలంటే అందులోని మొత్తంలో 75 శాతం ముందే డిపాజిట్ చేయాలి. పైగా ఇలా కట్టిన వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకునే వీలు కూడా కంపెనీకి ఉండదు. అందుకే తేదీలు, నెలవారీ లెక్క ఉన్న ఒక పేజీ నోటీసును ప్రాజెక్ట్ మేనేజర్‌తో పాటు అకౌంట్స్ విభాగానికి కూడా పంపాలి. ఈ వడ్డీ తమకెంత భారమో లెక్క చూసి గ్రహించేది వాళ్లే.