నీరు స్థిరమెలా అయింది?

నల్లకుంటలో అత్తయ్య అడిగింది: “మా చిన్నాడు నవంబరు 5న పుట్టాడు. ఇంగ్లీషు లెక్కలో వృశ్చికమట. జలరాశీ అంటారు, స్థిరరాశీ అంటారు. పారే నీళ్లు స్థిరమేమిటి?”

శ్రావణి: తత్త్వం వేరు, అది నడిచే తీరు వేరు అత్తయ్యా. కర్కాటకం, వృశ్చికం, మీనం మూడూ జలమే. కర్కాటకంలో నీరు పొంగుతుంది, వృశ్చికంలో నిలుస్తుంది, మీనంలో ఎటైనా పారుతుంది. అందుకే వృశ్చికం వాళ్లు మనసులో పెట్టుకుని మరవరంటారు.

అత్తయ్య: మా వాడు పొద్దున తిన్న తిట్లు మధ్యాహ్నానికి మర్చిపోతాడే!

మావయ్య: పట్టికలో అందముంది, కాదనను. మేషం నుంచి అగ్ని, భూమి, వాయువు, జలం ఒక వరస. చరం, స్థిరం, ద్విస్వభావం ఇంకో వరస. నాలుగు రాశులు దాటి సింహంలో అగ్ని మళ్లీ వచ్చేసరికి రెండో వరస ఒక మెట్టు జరిగి ఉంటుంది. అందుకే మేషం చరం, సింహం స్థిరం, ధనుస్సు ద్విస్వభావం. మూడుకీ నాలుగుకీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి పన్నెండు జోడీలూ ఒక్కోసారే వస్తాయి. అది లెక్కల గుణం, మనుషుల గుణం కాదు. స్థిరమని ఎందుకన్నారు? రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఖగోళ పండితుడు టాలమీ చెప్పిన కారణం ఋతువే. ముందు రాశిలో మొదలైన ఋతువు స్థిరరాశిలో గట్టిపడుతుంది, ద్విస్వభావంలో రెండు ఋతువులు కలుస్తాయి. ఆ లెక్కన సింహం నడివేసవి. మరి మన హైదరాబాదులో? జూలై చివర, ఆగస్టులో ముసురు! మన ఎండలు ముదిరేది ఏప్రిల్, మే నెలల్లో. స్థిరాగ్ని కింద గొడుగులేసుకుని తిరుగుతున్నాం.

శ్రావణి: ముసురు తెచ్చేది గాలులు మావయ్యా. నేను కొలిచేది సూర్యుణ్ణి. మార్చి 20 ప్రాంతంలో ఆయన భూమధ్యరేఖ దాటడం, జూన్ 21 ప్రాంతంలో ఉత్తరపు కొసకు చేరడం మనకూ అలెగ్జాండ్రియాకూ ఒకే క్షణంలో జరుగుతాయి. మేషం, కర్కాటకం మొదలయ్యేది అక్కడే.

మావయ్య: సరే, నాలుగు చరరాశుల మొదళ్లు నిలబడ్డాయి. మిగతా ఎనిమిది? సిడ్నీలో సింహమంటే చలికాలం కదా?

శ్రావణి: అక్కడ కూడా ఎక్కువమంది ఇదే పట్టిక వాడతారు. అక్కడి ఋతువులకు తగ్గట్టు పట్టికను తిప్పాలనే వాళ్లూ ఉన్నారు. నాకూ తేలలేదు.

అత్తయ్య: ఆగండి, పంచాంగం ప్రకారం ఆ రోజు సూర్యుడు తులలోనేగా?

మావయ్య: అవును. ఇంగ్లీషు లెక్కకీ పంచాంగం లెక్కకీ ఉన్న తేడా, అదే అయనాంశ, దాదాపు 24 డిగ్రీలు తీసేస్తే తులే, అంటే చరవాయువు. పిల్లాడు ఒక్కడే, నిలిచిన నీరా, కదిలే గాలా?

శ్రావణి: నేను సూర్యుడు భూమధ్యరేఖ దాటే విషువత్తు నుంచి లెక్కిస్తాను, మీరు నక్షత్రాల నుంచి. రెండు కొలతలు కలిపేసి నా పట్టికను తప్పు పట్టకండి.

అత్తయ్య: అసలు మనం రాశి చూసేది చంద్రుణ్ణి బట్టి కదా! మధ్యలో సూర్యుడెందుకొచ్చాడు?

శ్రావణి: చంద్రుడు ఒక్కో రాశిలో సుమారు రెండుంపావు రోజులుంటాడు. ఆ రోజు రాశి మారిందేమో చూడాలి. ఏ సంవత్సరం, ఎన్ని గంటలకు పుట్టాడు?

మావయ్య: అడుగు, అడుగు. ముచ్చటగా మూడో స్వభావం వస్తుంది.