సన్న నాళాల లెక్క

“ఊపిరితిత్తుల్లో గాలి వెళ్లే నాళం సన్నబడే కొద్దీ నిరోధం పెరుగుతుంది కాబట్టి గాలికి అసలు అడ్డు చివరి సన్న నాళాల్లోనే” అని కొందరు అంటారు. ఒక్క నాళాన్నే చూస్తే నిజమే, వ్యాసార్థం సగమైతే నిరోధం 16 రెట్లవుతుంది. కానీ అలాంటివి 16 పక్కపక్కన ఉంటే మొత్తం నిరోధం మళ్లీ మొదటికే వస్తుంది. ఊపిరితిత్తుల్లో అవి వేలల్లో ఉంటాయి మరి! అందుకే ఆరోగ్యవంతుల్లో మొత్తం నిరోధంలో 2 మిల్లీమీటర్ల లోపు వ్యాసమున్న నాళాల వాటా సుమారు 10 నుంచి 20 శాతమే. ఎక్కువ అడ్డు మధ్యస్థాయి శ్వాసనాళాల్లో ఉంటుంది. చిక్కల్లా ఇక్కడే. మొత్తం నిరోధం 100, అందులో ఆ వాటా 10 అనుకుందాం. పొగతాగే వ్యక్తికి ఆ సన్న నాళాల్లో సగం మూసుకుపోతే అది 20 అవుతుంది, మొత్తం మాత్రం 100 నుంచి 110కే పెరుగుతుంది. అంత చిన్న తేడా గట్టిగా ఊదించి ఊపిరిని కొలిచే మామూలు స్పైరోమెట్రీ పరీక్షలో తేలిగ్గా దొరకదు, రిపోర్టు నార్మల్ అనే వస్తుంది.